వరసకి డజను బ్లాకులు: గుండ్రటి బాట వైశాల్యం ఎలా తేలుతుంది?

గాజువాక దగ్గర మా కాలనీ పార్కు మధ్యలో ఓవర్‌హెడ్ వాటర్ ట్యాంకు ఉంది. దాని చుట్టూ మొక్కలు, మొక్కల చుట్టూ గుండ్రంగా పాతిన కర్బు రాళ్ళు, ఆ రాళ్ళను ఆనుకుని నడక బాట. బాటకు బయటి వైపు మరో వరస కర్బు రాళ్ళు. వానలు పడితే చాలు, బాటంతా బురదైపోతుంది. పెద్దవాళ్ళు జారిపడుతున్నారని ఈసారి పేవర్ బ్లాకులు వేయించాలని అసోసియేషన్‌లో నిర్ణయం అయింది. నేను పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను కాబట్టి, బాట ఎన్ని చదరపు మీటర్లో తేల్చే పని నాకు అప్పగించారు.

నేను వెళ్ళేసరికే మూడు లెక్కలు తయారుగా ఉన్నాయి. కోశాధికారి గారు లోపలి కర్బు వెంట టేపు పరిచి కొలిచారు. 113.1 మీటర్లు వచ్చింది. బాట వెడల్పు 2.4 మీటర్లు. రెండూ గుణించి 271 చదరపు మీటర్లు అన్నారు. బ్లాకులు సరఫరా చేసే ఆయన బయటి కర్బు వెంట కొలిచారు, 128.18 మీటర్లు. ఆయన లెక్కలో 308 చదరపు మీటర్లు. నా దగ్గర చదువుకునే కుర్రాడు ఒకడు కాగితం మీద గబగబా సూత్రం వేసి 18 చదరపు మీటర్లు అన్నాడు.

మూడూ తప్పే. అసలు జవాబు 289.5 చదరపు మీటర్లు. కానీ ఈ మూడు తప్పుల మధ్య గట్టి చుట్టరికం ఉంది. కోశాధికారి గారి లెక్కకు కుర్రాడి జవాబు కలిపితే అసలు జవాబు వస్తుంది: 271.4 + 18.1 = 289.5. సరఫరాదారు లెక్కలోంచి కుర్రాడి జవాబు తీసేసినా అదే వస్తుంది: 307.6 − 18.1 = 289.5. ఇలా కుదరడం కాకతాళీయం కాదు. ఆ 18 ఎక్కడిదో తెలిస్తే గుండ్రటి బాట లెక్క మొత్తం విడిపోతుంది.

ముందు పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతి. ఒకే కేంద్రం ఉన్న రెండు వృత్తాల మధ్య ప్రాంతాన్ని కంకణం అంటారు. చేతికి వేసుకునే కంకణం ఆకారమే కాబట్టి పేరు బాగా కుదిరింది. బయటి వ్యాసార్ధం R, లోపలి వ్యాసార్ధం r అయితే, పెద్ద వృత్తం వైశాల్యంలోంచి చిన్న వృత్తం వైశాల్యం తీసేయాలి:

A = πR² − πr² = π(R² − r²)

మా బాటకు లోపలి వ్యాసార్ధం 18 మీటర్లు, బయటిది 20.4 మీటర్లు. 20.4 వర్గం 416.16. 18 వర్గం 324. తేడా 92.16. దాన్ని πతో గుణిస్తే 289.5.

మా కుర్రాడు చేసింది ఏమిటంటే, ముందు 20.4లోంచి 18 తీసేశాడు, తర్వాత వచ్చిన 2.4ని వర్గం చేశాడు. అంటే π(R − r)². ఏటా క్లాసులో సగం మంది ఈ తప్పు చేస్తారు. వర్గాల తేడా వేరు, తేడాకి వర్గం వేరు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పరీక్షలో మళ్ళీ ఇదే వస్తుంది. "తప్పు, కొట్టేయి" అంటే వాడి బుర్రలో ఏమీ మారదు. అందుకే వాడిని బాట దగ్గరికే తీసుకెళ్ళాను. "నాన్నా, బాట రెండున్నర మీటర్ల వెడల్పు కూడా లేదు. నీ 18 చదరపు మీటర్లతో ఎంత దూరం పరచగలవు?" అని అడిగాను. 18ని 2.4తో భాగించాడు. ఏడున్నర మీటర్లు. బాట చూస్తే నూట పదమూడు మీటర్ల చుట్టు. తన జవాబు తప్పని వాడికి వాడే తెలుసుకున్నాడు. కంకణం వైశాల్యం కట్టిన ప్రతిసారీ చేయదగిన పరీక్ష ఇది: వచ్చిన వైశాల్యాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చే పొడవు, లోపలి చుట్టుకొలతకూ బయటి చుట్టుకొలతకూ మధ్యలో పడాలి. పడకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇక ఆ 18 సంగతి. లోపలి కర్బుకు ఆనించి, సన్నటి పలకలను ఒకదాని పక్కన ఒకటి, కేంద్రం వైపు నుంచి బయటికి చూస్తున్నట్టు పేర్చామనుకోండి. ఒక్కో పలక పొడవు బాట వెడల్పంత, అంటే 2.4 మీటర్లు. లోపలి కర్బు దగ్గర పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. బయటి కర్బు వైపు పోయేకొద్దీ వాటి మధ్య సందులు విచ్చుకుంటాయి, విసనకర్ర విప్పినట్టు. పలకలన్నిటి వైశాల్యం ఎంత? లోపలి చుట్టుకొలత ఇంటూ వెడల్పు. అంటే కోశాధికారి గారి 271 చదరపు మీటర్లు. ఆయన లెక్క పలకలకు సరిపోయింది. సందులు మిగిలిపోయాయి.

సందుల వైశాల్యం ఎంతో చూద్దాం. ఒక్కో సందు సన్నటి త్రిభుజం. లోపలి కర్బు దగ్గర మొన, బయటి కర్బు దగ్గర భూమి, ఎత్తు 2.4 మీటర్లు. అన్ని సందుల భూములూ కలిపితే బయటి చుట్టుకొలత లోపలి చుట్టుకొలత కంటే ఎంత ఎక్కువో అంత వస్తుంది. 2πR లోంచి 2πr తీసేస్తే మిగిలేది 2π × 2.4, దాదాపు 15.1 మీటర్లు. త్రిభుజం వైశాల్యం భూమిలో సగం ఇంటూ ఎత్తు కదా. 15.1లో సగం 7.54, దాన్ని 2.4తో గుణిస్తే 18.1. అక్షరాల్లో రాస్తే సందులన్నీ కలిపి πw². ఇక్కడ w అంటే వెడల్పు, R − r. మా కుర్రాడి జవాబు ఇదే. వాడు కట్టింది సందుల వైశాల్యం. బాటలో అదీ ఒక భాగమే, కానీ అదొక్కటే బాట కాదు.

అందుకే కంకణం వైశాల్యాన్ని ఇలా కూడా రాయవచ్చు:

A = 2πr·w + πw²

ఈ రూపంలో నన్ను బాగా ఆకట్టుకునేది రెండో ముక్క. అందులో r లేదు. అంటే చుట్టు చిన్నదైనా పెద్దదైనా సందుల మొత్తం మారదు. విశాఖపట్నం ఊరు మొత్తాన్నీ చుట్టి వచ్చేంత పెద్ద వృత్తం గీసి, దాని వెంట 2.4 మీటర్ల బాట వేసినా, అక్కడ సందులకు పోయేది అదే 18 చదరపు మీటర్లు. చుట్టు పెద్దదైతే పలకలు పెరుగుతాయి, ఒక్కో సందు సన్నబడుతుంది, మొత్తం మాత్రం అంతే.

ఇది పుస్తకంలో బొమ్మ కోసం చెప్పిన మాట అనుకున్నాను, పని చేయడానికి వచ్చిన మేస్త్రితో మాట్లాడేదాకా. ఆయనది ఇరవై ఏళ్ళ అనుభవం. మేము తెప్పిస్తున్నది 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు బ్లాకులు. పొడవు కేంద్రం వైపు నుంచి బయటికి పోయేలా వరసలుగా పేర్చాలి. 2.4 మీటర్ల వెడల్పుకు 12 వరసలు. మొదటి వరసకు 113.1 మీటర్లను 10 సెంటీమీటర్లతో భాగిస్తే సుమారు 1131 బ్లాకులు. 12 వరసలకు 1131 × 12, అంటే పదమూడు వేల ఐదు వందల డెబ్బై రెండు చాలు కదా అన్నారు కోశాధికారి గారు. మేస్త్రి వెంటనే, "చాలవండీ. గుండ్రం పనిలో వరసకి డజను బ్లాకులు పెరుగుతాయి" అన్నాడు.

"ఈ పార్కుకేనా, ఏ పార్కుకైనా అంతేనా?" అని అడిగాను.

"ఏదైనా అంతే మాస్టారూ. ఈ బ్లాకుకి డజను, డజనున్నొకటి. చిన్న ఫౌంటెన్ చుట్టూ వేసినా అంతే, పెద్ద గ్రౌండైనా అంతే. ఎందుకో నాకు తెలీదు గానీ చేత్తో లెక్కెట్టాను."

ఒక వరస నుంచి తర్వాతి వరసకు వెళ్తే వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. చుట్టుకొలత 2π × 20, అంటే దాదాపు 125.7 సెంటీమీటర్లు పెరుగుతుంది. బ్లాకు వెడల్పు 10 సెంటీమీటర్లు. కాబట్టి ప్రతి వరసకూ పన్నెండున్నర బ్లాకులు అదనం. ఒకసారి పన్నెండు, ఒకసారి పదమూడు. వ్యాసార్ధం ఎంతన్న ప్రశ్న ఇందులో ఎక్కడా రాలేదు. ఆయన చేతి లెక్క, సూత్రంలోని r లేని ముక్క, రెండూ ఒకటే. ఆ సంగతి ఆయనకు చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండో వరసకు 12.6, మూడో వరసకు 25.1 అదనం అలా కలుపుకుంటూ పోతే, పన్నెండు వరసల్లో మొత్తం సుమారు 830 బ్లాకులు ఎక్కువ పడతాయి. కావలసినవి 14,400. మొదటి వరస లెక్కతో తెప్పించి ఉంటే, ఆఖరి వరసలో సగానికి పైగా ఖాళీగా మిగిలిపోయేది. మరి 289.5 చదరపు మీటర్లను ఒక బ్లాకు వైశాల్యం 0.02తో నేరుగా భాగిస్తే సుమారు 14,475 వస్తుంది. ఆ 75 తేడా ఎందుకు? ప్రతి వరసలోనూ బ్లాకుల మధ్య చిన్న చిన్న సందులు ఉంటాయి. ఒక్కో వరసకు π × 0.2 × 0.2, పన్నెండు వరసలకు కలిపి ఒకటిన్నర చదరపు మీటర్లు. అది ఇసుకకు పోతుంది. పెద్ద పలకలైతే 18 చదరపు మీటర్లూ సందులే అయ్యేవి. చిన్న బ్లాకులతో ప్రతి వరసనూ కొత్తగా మొదలుపెడతాం కాబట్టి ఆ 18లో పదహారున్నర బ్లాకులతో నిండి, ఒకటిన్నర మాత్రమే ఇసుకకు మిగిలింది. నరికిన ముక్కలకూ విరిగినవాటికీ కొన్ని ఎక్కువ తెప్పించాం, అది వేరే సంగతి.

లోపలి చుట్టుకొలత పట్టుకుంటే πw² తక్కువ, బయటిది పట్టుకుంటే అంతే ఎక్కువ. రెండింటి సగటు పట్టుకుంటే? తప్పు రెండు వైపులా సమానం కాబట్టి సగటుతో సరిగ్గా వస్తుంది. 113.1, 128.18ల సగటు 120.64. దాన్ని 2.4తో గుణిస్తే 289.5. ఇది ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన జవాబు. బాట మధ్యలో సున్నం గీత గీసి ఆ గీత పొడవు కొలిచి, వెడల్పుతో గుణిస్తే చాలు. R² − r² ని (R + r)(R − r) గా విడగొట్టడం అందరికీ తెలిసిందే. ఆ (R + r) లో సగమే మధ్య గీత వ్యాసార్ధం.

మధ్య గీత పద్ధతి గుండ్రటి బాటకే పరిమితం కాదు. ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండుల్లో పొద్దున్నే పరిగెత్తే పిల్లలు అడుగుతుంటారు, 400 మీటర్ల ట్రాక్ మొత్తం వైశాల్యం 400 ఇంటూ వెడల్పే కదా అని. ప్రామాణిక ట్రాక్‌లో రెండు తిన్నటి భాగాలు, ఒక్కోటి 84.39 మీటర్లు. రెండు చివర్లా అర్ధవృత్తాలు, లోపలి అంచు వ్యాసార్ధం 36.5 మీటర్లు. ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఎనిమిది లేన్లకు 9.76 మీటర్లు. రెండు అర్ధవృత్తాలూ కలిపితే ఒక నిండు కంకణం అవుతుంది. దాని వైశాల్యం దాదాపు 2538 చదరపు మీటర్లు. తిన్నటి భాగాలు రెండూ కలిపి 1647. మొత్తం 4185. 400ని 9.76తో గుణిస్తే 3904 మాత్రమే. ఎనిమిది లేన్లకు సింథటిక్ పొర వేయాలంటే దాదాపు 280 చదరపు మీటర్ల మెటీరియల్ తక్కువ పడుతుంది.

ఆ 400 మీటర్లు కూడా లోపలి అంచు పొడవు కాదు. మొదటి లేన్‌లో పరిగెత్తే మనిషి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటాడని లెక్కేసి, 36.8 మీటర్ల వ్యాసార్ధంతో కొలిస్తే 400 వస్తుంది. సరిగ్గా లోపలి అంచు మీద కొలిస్తే 398.1 మీటర్లే. ఇప్పుడు 398.1ని 9.76తో గుణించి, దానికి π × 9.76² కలపండి. 3885.6కి 299.3 కలిపితే 4184.9. తిన్నటి భాగంలో పలకలు విచ్చుకోవు కాబట్టి సందులు లేవు. సందులన్నీ వంపుల్లోనే ఉన్నాయి, రెండు వంపులూ కలిపి ఒక పూర్తి చుట్టు. మా పార్కు లెక్కే ఇక్కడా నడిచింది.

మళ్ళీ పార్కుకు వద్దాం. ఇప్పటిదాకా వ్యాసార్ధం 18 మీటర్లని రాశాను గానీ, నిజానికి దాన్ని నేరుగా కొలవడం కుదరలేదు. కేంద్రం ట్యాంకు కింద, పంపు గదిలో ఎక్కడో ఉంది. చుట్టూ పొదలు, ముళ్ళ కంచె. కర్బు వెంట టేపు వంచి కొలవడమూ తేలిక కాదు. నూట పాతిక మీటర్ల వంపు వెంట యాభై మీటర్ల టేపు మూడుసార్లు మార్చి పెట్టాలి, ప్రతి చోటా రాయికి అంటుకుని ఉందో లేదో చూడాలి. అందుకని నేను కొలిచింది ఒకే ఒక్క పొడవు.

బయటి కర్బు లోపలి అంచు మీద ఒక చోట ఒక మనిషి టేపు చివర పట్టుకున్నాడు. నేను టేపును బిగించి లాగుతూ, లోపలి కర్బును ఒకే ఒక్క చోట తాకుతూ, అవతల మళ్ళీ బయటి కర్బును చేరేలా జరిపాను. టేపు మొత్తం బాట మీదే ఉంది, ట్యాంకు వైపు పోలేదు. 19.2 మీటర్లు వచ్చింది. దానిలో సగం 9.6. 9.6 వ్యాసార్ధంగా ఒక వృత్తం ఊహించుకుంటే దాని వైశాల్యం ఎంతో, బాట వైశాల్యం అంతే. 9.6 వర్గం 92.16, πతో గుణిస్తే 289.5.

కారణం పదో తరగతి జ్యామితిలోనే ఉంది. లోపలి వృత్తాన్ని ఒక్క చోట తాకే ఆ గీత దానికి స్పర్శరేఖ, బయటి వృత్తానికి జ్యా. కేంద్రం నుంచి తాకిన బిందువుకు గీసిన వ్యాసార్ధం స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది, జ్యాను సమానంగా రెండు ముక్కలు చేస్తుంది. దాంతో ఒక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. కర్ణం R, ఒక భుజం r, రెండో భుజం జ్యాలో సగం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం R² − r² అంటే సగం జ్యా వర్గం. జ్యా పొడవును c అంటే:

A = π(c/2)² = πc²/4

R ఎంతో తెలియదు, r ఎంతో తెలియదు, వెడల్పు కూడా తెలియదు. అయినా వైశాల్యం తెలిసిపోయింది. చిన్న గుండ్రం చుట్టూ వెడల్పాటి బాటకైనా, పెద్ద గుండ్రం చుట్టూ సన్నటి బాటకైనా, ఇలా తాకిస్తూ లాగిన టేపు పొడవు ఒకటే అయితే వైశాల్యమూ ఒకటే.

ఈ పద్ధతిలో తప్పు ఎక్కడ దూరుతుందో కూడా చెప్పాలి. టేపు చదవడంలో 5 సెంటీమీటర్లు పొరపడితే వైశాల్యంలో తేడా ఒకటిన్నర చదరపు మీటర్లే. అదే టేపు లోపలి కర్బును తాకకుండా 5 సెంటీమీటర్ల దూరంలో ఉండిపోతే తేడా ఐదున్నర చదరపు మీటర్లకు పైనే. కాబట్టి కళ్ళన్నీ తాకే చోటు మీదే ఉండాలి. కర్బు రాయి నేల కంటే ఎత్తుగా ఉంటే పని సులువు. టేపు రాయిని దాటి లోపలికి పోలేదు. ఎక్కువ నొక్కితే ఆ చోట టేపు వంగి కనిపిస్తుంది. వంపు పోయేదాకా అవతలి మనిషి కొంచెం జరిగితే సరిపోతుంది. కర్బు లేకుండా నేల మీద సున్నం గీత మాత్రమే ఉంటే ఈ పద్ధతిని నేను నమ్మను, వెడల్పు నాలుగైదు చోట్ల కొలిచి మధ్య గీతతో గుణిస్తాను.

మరో షరతు, రెండు వృత్తాలకూ కేంద్రం ఒకటే కావాలి. కర్బు రాళ్ళు పాతేటప్పుడు మేకు కదిలిందంటే లోపలి గుండ్రం ఒక పక్కకు జరుగుతుంది. పది సెంటీమీటర్లు జరిగిందనుకుందాం. ఒక వైపు బాట 2.3 మీటర్లు, ఎదుటి వైపు 2.5 మీటర్లు. నడిచేవాళ్ళకు ఇది కంటికి తెలియదు. వైశాల్యం మారదు, ఎందుకంటే పెద్ద గుండ్రంలోంచి అదే చిన్న గుండ్రాన్ని తీసేస్తున్నాం, అది ఎక్కడ ఉంటేనేం. కానీ టేపు పద్ధతి దెబ్బతింటుంది. ఇరుకు వైపు తాకిస్తే 18.82 మీటర్లు, వెడల్పు వైపు తాకిస్తే 19.57 మీటర్లు వస్తుంది. మొదటిదాని ప్రకారం వైశాల్యం 278, రెండోదాని ప్రకారం 301. వెడల్పులో 20 సెంటీమీటర్ల తేడా టేపు మీద 75 సెంటీమీటర్లుగా కనిపించింది. అందుకే ఒక చోట లాగి ఊరుకోకూడదు. మేము మూడు చోట్ల లాగాం, 19.20, 19.17, 19.24 వచ్చాయి. రెండు గుండ్రాలూ సరిగ్గానే ఉన్నాయని అప్పుడు నమ్మాను. పెద్ద తేడా వచ్చి ఉంటే, బాట బాగా ఇరుకైన చోటూ దానికి సరిగ్గా ఎదుటి చోటూ టేపు తాకించి, వచ్చిన రెండు వైశాల్యాలకు సగటు తీసేవాణ్ణి. 278, 301ల సగటు చూడండి, మళ్ళీ 289.5 దగ్గరికే వస్తుంది.

పార్కు పని జరుగుతున్న రోజుల్లోనే ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే మా బావగారు ఇంటికి వచ్చారు. ఈ కథంతా విని, "మేము రోజూ వాడే 0.02466 కూడా ఇదేనా ఏంటి?" అన్నారు. ఇనుప పైపుల వ్యాపారంలో అందరి నోట ఉండే అంకె అది. పైపు బయటి వ్యాసంలోంచి గోడ మందం తీసేసి, మళ్ళీ మందంతో గుణించి, 0.02466తో గుణిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి. పైపును అడ్డంగా కోస్తే కనిపించేది కంకణమే. బయటి వ్యాసంలోంచి మందం తీసేస్తే మధ్య గీత వ్యాసం వస్తుంది. దాన్ని πతో గుణిస్తే మధ్య చుట్టుకొలత, మందంతో గుణిస్తే వైశాల్యం. ఆ పైన ఉక్కు సాంద్రత, ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు. πని 7.85తో గుణించి వెయ్యితో భాగిస్తే 0.02466. నాలుగు అంగుళాల పైపు ఒకటి తీసుకుంటే, బయటి వ్యాసం 114.3, గోడ 6.02 మిల్లీమీటర్లు. 108.28 × 6.02 × 0.02466 అంటే మీటరుకు 16.07 కిలోలు.

పైపుల వాళ్ళు R² − r² వాడకుండా మధ్య గీతనే పట్టుకోవడానికి గట్టి కారణం ఉంది. సన్నటి కంకణంలో రెండు పెద్ద వర్గాల మధ్య మిగిలేది చిన్న తేడా. ఈ పైపుకు లోపలి వ్యాసం 102.26. వెర్నియర్ ఏటవాలుగా పెట్టి దాన్ని 102.8 అని చదివామనుకోండి. అర మిల్లీమీటరే తేడా. ఆ అంకెతో వర్గాలు కట్టి తీసేస్తే బరువు 15.4 కిలోలకు పడిపోతుంది, నూటికి నాలుగు వంతులు తక్కువ. ఆరు మీటర్ల పైపుకు నాలుగు కిలోలు. అలా కాకుండా గోడ మందాన్నే వెర్నియర్‌తో నాలుగు చోట్ల పట్టి చూస్తే, ఆ పొరపాటుకు తావు బాగా తగ్గుతుంది. నాలుగు కొలతల్లో తేడా వస్తే పైపు గోడ అంతటా ఒకే మందంలో లేదని కూడా తెలుస్తుంది, పార్కులో టేపు చెప్పినట్టే.

వాషర్‌లో ఈ ఇబ్బంది లేదు, అది వెడల్పాటి కంకణం. అక్కడ జరిగే పొరపాటు వేరు. వాషర్లకు వ్యాసాలే చెబుతారు, మనం వ్యాసార్ధాల సూత్రంలో వాటినే వేసేస్తాం. 12 మిల్లీమీటర్ల బోల్టుకు వాడే మామూలు వాషర్ తీసుకోండి: రంధ్రం 13, బయట 24, మందం 2.5 మిల్లీమీటర్లు. 24 వర్గం 576, 13 వర్గం 169, తేడా 407. వ్యాసాలు కాబట్టి దీన్ని πతో కాదు, πలో నాలుగో వంతుతో గుణించాలి. 319.7 చదరపు మిల్లీమీటర్లు. మందంతో గుణిస్తే 799 ఘన మిల్లీమీటర్లు, అంటే 0.8 ఘన సెంటీమీటర్లు. 7.85తో గుణిస్తే ఒక వాషర్ 6.27 గ్రాములు. నాలుగో వంతు మరిచిపోతే 25 గ్రాములు వస్తుంది.

బావగారు మర్నాడు షెడ్డులో వంద వాషర్లు లెక్కపెట్టి కాటా మీద పెట్టారట. 624 గ్రాములు తూగాయని ఫోన్ చేశారు.